పక్క సీటుకు వినపడేది, కనపడేది, అంటుకునేది

ఒకే హాల్లో పది కంపెనీల మనుషులు కూర్చుని పనిచేసుకునే ఆఫీసులు ఇప్పుడు మాదాపూర్‌లోనే కాదు, విజయవాడలో, విశాఖలో, వరంగల్‌లో కూడా కనిపిస్తున్నాయి. గది అద్దెకు తీసుకునే స్తోమత లేని చిన్న కంపెనీ, నెలకింతని సీటు అద్దె కట్టి పని మొదలుపెడుతుంది. పొడవాటి బల్లకు ఈ చివర వెబ్‌సైట్లు చేసే ఇద్దరు కుర్రాళ్లు, మధ్యలో ఓ అకౌంటెంటు, ఆ చివర పుస్తకాలకు పేజీలు కట్టే డీటీపీ ఆపరేటరు. వీళ్లకు ఉమ్మడి బాసు లేడు. పక్కాయన టైపింగ్ చప్పుడుకు తల పగిలిపోతోందని చెప్పుకుందామంటే హెచ్‌ఆర్ విభాగమూ ఉండదు. అలాంటి చోట నలుగురికీ వర్తించే మాట ఒక్కటే, గోడ మీద అంటించిన నోటీసు.

నాకు తెలిసిన ఒక హాల్లో పాత నోటీసు ఇలా ఉండేది: ‘కీబోర్డులను మర్యాదగా వాడండి. శబ్దం చేయరాదు. సిస్టమ్‌లు భద్రంగా ఉంచుకోండి. పరిశుభ్రత పాటించండి.’ ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అది చదివిన ప్రతివాళ్లూ ఆ మాటలు పక్కవాళ్లకే అనుకుంటారు. తన టైపింగ్ పెద్దగా వినిపిస్తుందని ఎవరికీ తెలియదు, ఎందుకంటే టైప్ చేసే మనిషి ధ్యాస చప్పుడు మీద ఉండదు, వాక్యం మీద ఉంటుంది. ‘భద్రంగా’ అంటే చేత్తో ఏం చేయాలో, ‘పరిశుభ్రత’ అంటే దేంతో తుడవాలో ఆ కాగితం చెప్పలేదు. కొత్తది రాసే పని హాలు చూసుకునే మేనేజరమ్మా నేనూ కలిసి పెట్టుకున్నాం. రాయడానికి ముందు ఆ బల్ల దగ్గర కూర్చుని అసలు సమస్య ఎక్కడుందో చూడాల్సి వచ్చింది. ఆ చూడటంలోనే నోటీసు చాలావరకు తయారైంది.

ఫిర్యాదు ఉన్నది వెబ్‌సైట్ల కుర్రాడి మీద. అతని దగ్గర రంగురంగుల లైట్ల మెకానికల్ కీబోర్డు ఉంది. మామూలు ఆఫీసు కీబోర్డులో మీటలన్నిటి కింద ఒకే రబ్బరు పొర ఉంటుంది. మెకానికల్ కీబోర్డులో మాత్రం ప్రతి మీట కింద స్ప్రింగుతో విడిగా ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఈ స్విచ్‌లను రంగు పేరుతో పిలవడం చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్‌లతో వాడుకలోకి వచ్చింది, మిగతా కంపెనీలు కూడా చాలావరకు అదే పద్ధతి పాటిస్తున్నాయి. ఎరుపు స్విచ్ మెత్తగా కిందికి దిగుతుంది. గోధుమరంగు స్విచ్ మధ్యలో వేలికి చిన్న అడ్డు తగిలిస్తుంది. నీలం స్విచ్ ఆ అడ్డుతోపాటు కావాలనే ‘టిక్’ మని చప్పుడు చేస్తుంది. దాని లోపల ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క జారి తగిలేలా అమర్చి ఉంటుంది. అక్షరం పడిందని చెవికి తెలియడం కోసమే ఆ ఏర్పాటు. కుర్రాడివి నీలం స్విచ్‌లు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. టైపింగ్ చప్పుడు అని మనం ఒక్క మాటలో అనేది నిజానికి మూడు చప్పుళ్లు. స్విచ్ చేసే ‘టిక్’ మొదటిది. మీట అడుగుదాకా వెళ్లి గట్టి ప్లాస్టిక్‌ను కొట్టే ‘టక్’ రెండోది. ఆ దెబ్బకు బల్ల మోగడం మూడోది. ఏది ఎంత ఉందో తెలియకుండా ‘నెమ్మదిగా టైప్ చెయ్యండి’ అని రాస్తే మూడింటిలో ఒక్కదానికే మందు వేసినట్టు.

ఏ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టడం కష్టం కాదు. ఒక్క మీటను వేలితో చాలా మెల్లగా, అంగుళంలో పదోవంతు దిగడానికి రెండు సెకన్లు పట్టేంత మెల్లగా నొక్కాలి. అడుగు తగలకముందే ‘టిక్’ వినిపిస్తే అది స్విచ్ చప్పుడు. ఎంత సున్నితంగా టైప్ చేసినా, కింద ఏం పరిచినా అది పోదు. మెల్లగా నొక్కితే నిశ్శబ్దంగా ఉండి, మామూలు వేగంతో నొక్కితేనే చప్పుడు వస్తుంటే అది అడుగు దెబ్బ. తర్వాత కీబోర్డు కింద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు వేసి అదే వాక్యం మళ్లీ టైప్ చేసి చూడాలి. బాగా తగ్గితే మోగుతున్నది బల్ల. ఈ పరీక్షకు టైప్ చేసేవాళ్లు కాకుండా ఇంకొకరు రెండు సీట్ల అవతల కూర్చుని వినాలి.

కుర్రాడి కీబోర్డుకు మొదటి పరీక్షలోనే ‘టిక్’ తేలింది. తువ్వాలు వేస్తే కాస్త తగ్గింది గానీ పోలేదు. ఆ తర్వాత అనుకోకుండా ఇంకో సంగతి బయటపడింది. మేనేజరమ్మ బల్ల మధ్యలో అరచెయ్యి ఆనించి కూర్చుని, “సార్, అబ్బాయి టైప్ చేస్తుంటే చెవికి తెలుస్తోంది, ఆయన టైప్ చేస్తుంటే చేతికే తెలుస్తోంది” అంది. ఆయనంటే డీటీపీ ఆపరేటరు. అరవై దగ్గర పడుతున్న మనిషి. ఆయన వాడేది అతి మామూలు రబ్బరు పొర కీబోర్డు. దానిమీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే ఆ చప్పుడు ‘టిక్‌టిక్’ అని కాకుండా బల్లంతా ‘ధబ్ ధబ్’ మని వస్తుంది. ఎక్కడినుంచో తెలియదు, కానీ సాయంత్రానికి అందరికీ చిరాకుగా ఉంటుంది.

ఆయన టైపు నేర్చుకున్నది టైపు ఇన్‌స్టిట్యూట్‌లో. లోయరూ, హయ్యరూ పాసయ్యారు. టైపు మిషన్ మీద మీట నొక్కితే ఒక ఇనప చువ్వ లేచి, రిబ్బను మీదుగా కాగితాన్ని కొట్టాలి. వేలిలో బలం లేకపోతే అక్షరం పాలిపోతుంది, కార్బన్ కాపీ మీద అసలు పడదు. గట్టిగా కొట్టడమే అక్కడ మంచి టైపు. కంప్యూటర్ మీటకు సుమారు యాభై అరవై గ్రాముల బరువు చాలు. మన రాష్ట్రాల్లో కోర్టుల్లో, రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర, అచ్చాఫీసుల్లో పనిచేస్తున్న ఒక తరం మొత్తం ఆ మిషన్ మీద వేళ్లకు అలవాటైన బలంతోనే కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. అది వాళ్ల నైపుణ్యంలో భాగం. దాన్ని దురలవాటు అంటూ నోటీసు రాయడం అన్యాయమని నా అభిప్రాయం. పైగా నలభై ఏళ్ల అలవాటు ఒక కాగితం చదివితే మారదు.

బల్లను మార్చడం మాత్రం తేలిక. ఆ హాల్లో బల్ల మీద ప్లైవుడ్ కూడా కాదు, రంపపుపొట్టును నొక్కి చేసిన పలక, రెండే కాళ్లు, మధ్యలో ఆధారం లేదు. అలాంటి పలక మద్దెల చర్మంలా ఒక చివర తట్టితే రెండో చివర మోగుతుంది. ఆయన కీబోర్డు కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం రబ్బరు అడుగున్న పెద్ద మౌస్ ప్యాడ్ వేశాం, కీబోర్డు, మౌస్ రెండూ పట్టేది. కీబోర్డు వెనక మడత కాళ్లలో ఒకదాని రబ్బరు తొడుగు ఊడిపోయి ఉంది. ప్రతి దెబ్బకూ అది విడిగా లేచి పడుతోంది. రెండు కాళ్లూ మడిచేసి కీబోర్డును బల్లపరుపుగా ఆనించాం. “ఇప్పుడే చేతులకి సుఖంగా ఉంది బాబూ” అన్నారాయన. బల్ల మీద మేనేజరమ్మ చేతికి ఏమీ తెలియలేదు.

కుర్రాడి సంగతి వేరు. నీలం స్విచ్‌ల ‘టిక్’ పోవాలంటే స్విచ్‌లే మార్చాలి. కొన్ని మెకానికల్ కీబోర్డుల్లో స్విచ్‌ను చిన్న పట్టకారుతో ఊడదీసి ఇంకో రకం పెట్టుకోవచ్చు. చాలావాటిలో టంకం వేసి ఉంటాయి కాబట్టి కుదరదు. మీట టోపీ కింద వేసే రబ్బరు రింగులు దొరుకుతాయి. అవి అడుగు దెబ్బను మెత్తబరుస్తాయి, ‘టిక్’ను ఏమీ చేయలేవు. ఇది తెలియక రింగులు కొని మోసపోయామనుకునేవాళ్లున్నారు. మెకానికల్ మీట మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగితే, అక్షరం సుమారు సగంలోనే పడిపోతుంది కాబట్టి అడుగుదాకా కొట్టకుండా టైప్ చేయడం సాధన చేయవచ్చు. రబ్బరు పొర కీబోర్డుకు ఆ సలహా పనికిరాదు, అందులో మీట పూర్తిగా దిగితే తప్ప అక్షరం పడదు. చివరకు కుర్రాడికి మేం రెండు దారులు చూపించాం: ఈ కీబోర్డే కావాలంటే తలుపున్న చిన్న గదిలో సీటు, లేదా హాల్లో కూర్చునేటప్పుడు నిశ్శబ్ద స్విచ్‌ల కీబోర్డు. అతను రెండోది ఎంచుకుని నీలందాన్ని ఇంటికి పట్టుకెళ్లాడు. అతనితో చప్పుడు గురించి వాదన జరగలేదు. మెల్లగా మీట నొక్కి చూపించగానే అతనికే అర్థమైంది.

అందువల్ల నోటీసులో చప్పుడు గురించిన మాట మనిషిని ఉద్దేశించి కాకుండా వస్తువును ఉద్దేశించి ఉండాలని తేల్చుకున్నాం. టిక్ మనే స్విచ్‌లు హాల్లో వద్దు, కీబోర్డు కింద ప్యాడ్ ఉండాలి, ప్యాడ్ ఆఫీసే ఇస్తుంది. ఫోన్‌లో మీటింగ్ నడుస్తుండగా నోట్సు రాసుకునేవాళ్లు మైకు మ్యూట్ చేయాలన్న మాట కూడా చేర్చుదామనుకున్నాం గానీ అది అవతలివాళ్ల బాధ, ఈ హాలుది కాదు కాబట్టి వదిలేశాం.

చప్పుడు వల్ల చిరాకు ఒక్కటే కాదు, ఇంకో ప్రమాదమూ ఉంది. 2005లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ పరిశోధకులు ఒక మనిషి ఇంగ్లిషులో పది నిమిషాలు టైప్ చేసిన చప్పుడును మాత్రమే రికార్డు చేసి, అందులోంచి 96 శాతం దాకా అక్షరాలను తిరిగి రాబట్టి చూపించారు. ఒక్కో మీట కీబోర్డులో ఒక్కో చోట ఉంటుంది కాబట్టి దాని చప్పుడు పక్కదానికంటే కొద్దిగా తేడాగా ఉంటుంది. ఆ తేడాలను గుంపులు చేసి, భాషలో ఏ అక్షరం తర్వాత ఏది ఎక్కువగా వస్తుందో దాన్ని జోడిస్తే మాటలు బయటపడతాయి. పక్క సీటువాళ్లు ఇలాంటి పని చేస్తారని నేను అనడం లేదు. దానికంటే వెయ్యి రెట్లు తేలికైన దారి ఆ హాల్లో రోజూ తెరిచే ఉంటుంది. అదే లాక్ చేయకుండా వదిలేసిన స్క్రీను.

అకౌంటెంటు విషయమే తీసుకోండి. మధ్యాహ్నం మూడున్నరకు ఆవిడకు కొరియరు వచ్చిందని కింద నుంచి ఫోన్. ‘రెండు నిమిషాల్లో వచ్చేస్తా’ అని లేచింది. లిఫ్టు కోసం ఆగడం, సంతకం పెట్టడం, వస్తూ వస్తూ టీ తాగడం, అంతా అయ్యేసరికి పావుగంట. స్క్రీను మీద ఓ క్లయింటు కంపెనీ జీతాల పట్టిక: పేర్లు, పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు. ఆ పావుగంటలో ఆ వెనక నుంచి పక్క కంపెనీకి ఇంటర్వ్యూకు వచ్చిన ముగ్గురు, ఏసీ మెకానిక్కు, నీళ్ల క్యాను అబ్బాయి నడిచారు. వాళ్లెవరూ మౌసు ముట్టుకోనక్కర్లేదు. చదివితే చాలు, ఫోన్‌తో ఒక ఫొటో తీస్తే చాలు. ఆ వివరాలు ఆవిడవి కావు, జీతాలు తీసుకునే ఉద్యోగులవి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, డేటాను కాపాడటానికి తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని చెబుతోంది. చిన్న ఆఫీసుకు అంత పడుతుందని కాదు, బాధ్యత ఎవరిదో చట్టం స్పష్టంగా చెప్పిందని గుర్తుపెట్టుకోవాలి.

లాక్ చేయడానికి పట్టేది ఒక సెకను. విండోస్ సిస్టమ్‌లో Windows + L. యాపిల్ మ్యాక్‌లో Control + Command + Q. కుర్చీలోంచి లేవడానికి చెయ్యి బల్ల మీద ఆనిస్తాం కదా, ఆ చెయ్యి ఆ మీటల మీద ఆనితే చాలు. అయినా చాలామంది చేయరు. కారణం అడిగితే నాకు ఎక్కువసార్లు వచ్చిన జవాబు, ‘డౌన్‌లోడ్ నడుస్తోంది, ఆగిపోతుందేమో’ అని. ఆగదు. లాక్ అంటే సిస్టమ్ ఆపడం కాదు, తెర వేసి తాళం పెట్టడం. వెనకాల డౌన్‌లోడు, ప్రింటు, పాట అన్నీ నడుస్తూనే ఉంటాయి. స్క్రీను ఆరిపోవడాన్ని లాక్ అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. మానిటర్ బటన్ నొక్కి ఆర్పేసి వెళ్తే, ఎవరైనా మళ్లీ నొక్కగానే అంతా ఉన్నచోటే కనిపిస్తుంది.

మెకానికల్ కీబోర్డులవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు వస్తుంది. ఆటల కోసం చేసిన కీబోర్డుల్లో, ఆట మధ్యలో పొరపాటున తగలకుండా Windows మీటను పనిచేయకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. అది వేసి ఉందని తెలియక Windows + L నొక్కి, స్క్రీను వైపు చూడకుండా వెళ్లిపోతారు. లాక్ పడదు. లేచేముందు ఒక్కసారి స్క్రీను వైపు చూడటం అందుకే అవసరం. అలా ఆగినప్పుడు Ctrl + Alt + Delete నొక్కి, వచ్చిన తెరలో Lock ఎంచుకోవచ్చు.

చేత్తో లాక్ చేయడం మర్చిపోయే రోజు కోసం సిస్టమే తనంతట తాను లాక్ అయ్యేలా పెట్టుకోవాలి. విండోస్‌లో Screen Saver Settings తెరిచి, Wait దగ్గర 5 నిమిషాలు పెట్టి, On resume, display logon screen అన్న గడిలో టిక్కు పెడితే సరి. మ్యాక్‌లో System Settings లోని Lock Screen కు వెళ్లి, పాస్‌వర్డు Immediately అడిగేలా పెట్టాలి. పెట్టాక పరీక్షించడం మర్చిపోకూడదు: ఐదు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా ఉండి, మౌసు కదిపితే పాస్‌వర్డు అడగాలి. వీడియో నడుస్తుంటే మాత్రం ఇది చాలాసార్లు మొదలుకాదు, ఎవరో చూస్తున్నారని సిస్టమ్ అనుకుంటుంది. కాబట్టి ఐదు నిమిషాల లాక్ ఒక ఆసరా మాత్రమే. అకౌంటెంటు పావుగంటలో మొదటి ఐదు నిమిషాలు ఎలాగూ తెరిచే ఉంటాయి.

లాక్ తెర మీద కూడా మెసేజీలు, ఓటీపీలు పైకి వచ్చి కనిపిస్తుంటాయి. విండోస్ నోటిఫికేషన్ల సెట్టింగుల్లో లాక్ స్క్రీన్ మీద చూపించొద్దని పెట్టుకోవచ్చు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన ఆఫీసుల్లో లాక్ చేయకుండా వెళ్లినవాళ్ల సిస్టమ్ నుంచి ‘ఈరోజు అందరికీ నా తరఫున బిర్యానీ’ అని మెయిల్ పంపడం ఒక ఆటగా నడుస్తోంది. ఒకే కంపెనీలో, ఒకే టీములో దాన్ని నవ్వుతూ తీసుకుంటారేమో. పది కంపెనీల హాల్లో మాత్రం అది ఎంతమాత్రం కూడదు. అవతలి కంపెనీ మెయిల్ పెట్టెలో మనం చెయ్యి పెట్టినట్టవుతుంది, ఆ మెయిల్ రికార్డులో ఆ మనిషి పేరుతోనే ఉండిపోతుంది. తెరిచి ఉన్న స్క్రీను కనిపిస్తే చేయాల్సింది ఒక్కటే, దాన్ని లాక్ చేసి, వాళ్లు రాగానే ‘తెరిచి ఉంది, లాక్ చేశాను’ అని చెప్పడం.

స్కానర్ పక్కన ఉండే అందరి సిస్టమ్‌కు మాత్రం ఈ నియమం తిరగబడుతుంది. అక్కడ లాక్ చేసి వెళ్తే తర్వాత వచ్చినవాళ్లకు దారి మూసుకుపోతుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆర్పేస్తారు, వెనక సేవ్ చేయని ఫైలు పోతుంది. అలాంటి సిస్టమ్‌లో పని అయ్యాక సైన్ అవుట్ చేయాలి, తెచ్చిన ఫైళ్లు తీసేయాలి, వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే లాగ్ అవుట్ చేయాలి. వాట్సాప్ వెబ్ బ్రౌజరు మూసినంతమాత్రాన తెగిపోదు.

ఇక శుభ్రం. కీబోర్డును తలకిందులు చేసి తట్టమని అందర్నీ అడిగిన రోజున బల్ల మీద రాలినవి చూస్తే ఆ హాలు ఏం తింటుందో తెలిసిపోయింది: బిస్కెట్ల పొడి, జంతికల ముక్కలు, కారప్పూస, వెంట్రుకలు, ఒక చోట చచ్చిన చీమలు. తీపి పొడి ఉన్న చోటికి చీమలు రావడం మన ఊళ్లలో ఎండాకాలంలో మామూలే. రెండు కీబోర్డుల అడుగున పాస్‌వర్డు రాసి అంటించిన చీటీలు కూడా కనిపించాయి. తుడవడానికి తిరగేసిన ప్రతివాళ్లకూ కనపడే చోటు అది. తాళం గుమ్మం పక్కనే పెట్టినట్టు కాబట్టి అక్కడికక్కడే పీకించాం.

తుడిచే పద్ధతికి ఒక వరస ఉంది. ముందు కీబోర్డు వైరు పీకాలి. వైర్‌లెస్ అయితే స్విచ్ ఆపాలి, లాప్‌టాప్ అయితే షట్‌డౌన్ చేయాలి. నడుస్తున్న కీబోర్డును తుడిస్తే తెరిచి ఉన్న మెసేజ్‌లో పిచ్చి అక్షరాలు పడి, Enter కూడా నొక్కుడుపడి వెళ్లిపోతుంది. లాక్ చేసి తుడుద్దామంటే ఆ పిచ్చి అక్షరాలే తప్పు పాస్‌వర్డుగా పదేపదే పడి, కొన్ని కంపెనీల్లో ఖాతా బిగుసుకుపోతుంది. కొన్ని లాప్‌టాప్‌లు ఏ మీట నొక్కినా ఆన్ అయిపోతాయి, ఓ కన్నేసి ఉంచాలి. తర్వాత తలకిందులు చేసి అరచేత్తో తట్టాలి. మీటల మధ్య దుమ్ము తీయడానికి రంగులు వేసుకునే మెత్తని బ్రష్ బాగా పనికొస్తుంది. గాలి డబ్బా వాడితే దాన్ని నిలువుగా పట్టుకుని కొంచెం కొంచెంగా ఊదాలి. డబ్బాను వంచితే లోపలి ద్రవం చల్లగా బయటికి చిమ్ముతుంది.

ఆఖరున తుడవడం. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మందుల షాపుల్లో దొరుకుతుంది. దాన్ని మీటల మీద చల్లకూడదు, గుడ్డ మీద చల్లి, పిండితే చుక్క కారనంత తడితో తుడవాలి. మీట పైభాగం ఓ అర నిమిషం తడిగా ఉండి తనంతట తాను ఆరిపోతే క్రిముల మీద పని జరుగుతుంది. వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తే జరగదు. చేతులకు రాసుకునే శానిటైజరు జెల్ మాత్రం వద్దు. చర్మం పొడిబారకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, అవి మీటల మీద జిగురుగా మిగిలి మరింత దుమ్మును పట్టుకుంటాయి. శుభ్రంగా ఉంచాలన్న మంచి ఉద్దేశంతో రోజూ జెల్ రాసినవాళ్ల కీబోర్డే అందరికంటే జిడ్డుగా ఉండటం ఆ హాల్లో కళ్లారా చూశాం. డీటీపీ ఆయన కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లున్నాయి. వాటి అంచుల్లో జిగురు బయటికి వచ్చి నల్లగా కట్టింది. ఆల్కహాలు ఆ అక్షరాలను కూడా చెరిపేయగలదు కాబట్టి అక్కడ ముందు ఒక మూల తుడిచి చూడాలి. ఆయనకు కొత్త స్టిక్కర్లు తెప్పించడమే తేలికైంది.

మీటల టోపీలు ఊడదీసి కడగడం మెకానికల్ కీబోర్డులకు కుదురుతుంది, ఊడదీసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే ఏది ఎక్కడో తెలుస్తుంది. లాప్‌టాప్ మీటలు ఎప్పుడూ ఊడదీయకూడదు, కింద కత్తెరలా ఉండే సన్నని ప్లాస్టిక్ క్లిప్పులు విరిగిపోతాయి. కీబోర్డు మీద టీ ఒలికితే వెంటనే వైరు పీకి బోర్లించాలి. టీలో నీళ్లు ఆరిపోతాయి గానీ చక్కెరా పాలూ ఆరవు. రబ్బరు పొర కింద పల్చని ప్లాస్టిక్ రేకుల మధ్యకు చేరి అంటుకుపోతాయి, అప్పటినుంచి ఒక మీట నొక్కితే రెండు అక్షరాలు పడటమో, అసలు పడకపోవడమో మొదలవుతుంది. నాలుగైదు వందల కీబోర్డుకు మరమ్మతు దండగ, మార్చేయాలి. లాప్‌టాప్ మీద పడితే మాత్రం ఆపేసి, ఛార్జరు తీసి, ఆన్ చేసి చూడాలన్న తొందర మానుకుని, మెకానిక్కుకు ఇవ్వాలి. ఆరిందో లేదో చూద్దామని ఆన్ చేసినప్పుడే బోర్డు కాలుతుంది.

ఇదంతా నోటీసులో పట్టదు, పట్టించకూడదు. పద్ధతి తెలిసినవాళ్లు మేనేజరమ్మ దగ్గరున్నారు కాబట్టి నోటీసు చెప్పాల్సింది ఎప్పుడు, ఏం చేయాలి, వస్తువు ఎక్కడుంది అన్న మూడు సంగతులే. నాలుగుసార్లు కొట్టేసి రాశాక ఇలా తేలింది:

> ఈ హాల్లో కూర్చునేవారికి
>
> టిక్ మని మోగే కీబోర్డులు చిన్న గదిలో వాడుకోండి. హాల్లో కీబోర్డు కింద ప్యాడ్ వేసుకోండి. ప్యాడ్లు రిసెప్షన్‌లో ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు.
>
> కుర్చీలోంచి లేచే ప్రతిసారీ లాక్ చేయండి: Windows + L, మ్యాక్‌లో Control + Command + Q. స్కానర్ సిస్టమ్‌లో పని అయ్యాక సైన్ అవుట్ చేయండి. వేరేవాళ్ల స్క్రీను తెరిచి ఉంటే లాక్ చేసి వాళ్లకు చెప్పండి, ఇంకేమీ ముట్టుకోవద్దు.
>
> శుక్రవారం సాయంత్రం వెళ్లేముందు కీబోర్డు వైరు పీకి, బోర్లించి తట్టి, తుడవండి. గుడ్డలు, ఆల్కహాలు సీసా ప్రింటర్ పక్క అలమరలో ఉన్నాయి. జెల్ వాడొద్దు.
>
> ఏదైనా ఒలికితే ముందు వైరు పీకండి, తర్వాత రిసెప్షన్‌లో చెప్పండి.

‘టిఫిన్ సీటు దగ్గర తినరాదు’ అన్న వాక్యం మేనేజరమ్మ చేర్చబోతే నేనే వద్దన్నాను. ఆ హాల్లో తినడానికి వేరే గది లేదు. పాటించడం కుదరని ఒక్క వాక్యం ఉంటే మిగతావాటికి కూడా విలువ పోతుంది. శుక్రవారం అని పెట్టడానికి కారణం, శని ఆదివారాలు తడి ఆరడానికి సమయం దొరకడం, పైగా అందరూ ఒకేసారి తుడుస్తుంటే సీసా తీయడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

అంటించే చోటు గురించి కూడా కాస్త ఆలోచించాం. పాతది రిసెప్షన్ గోడ మీద, లోపలికి వచ్చేటప్పుడు కనిపించేలా ఉండేది. లాక్ చేయాల్సింది బయటికి వెళ్లేటప్పుడు. అందుకని లాక్ సంగతి ఒక్కటే పెద్ద అక్షరాలతో తలుపు లోపలి వైపు, హ్యాండిల్‌కు పైన కంటి ఎత్తులో అంటించాం. చూసినవాళ్లలో కొందరు వెనక్కి తిరిగి సీటు దగ్గరికి వెళ్లడం మొదటి వారంలోనే కనిపించింది. పూర్తి నోటీసు ప్రింటర్ పక్క అలమర తలుపు మీద ఉంది. దాని అడుగున సీసా, గుడ్డలు నింపే మనిషి పేరు పెన్నుతో రాసి పెట్టారు, ప్రతి నెలా ఒకటో తారీకున ఆ పేరు మారుతుంది.